గణితానుగమనం జవాబులు దిద్దేటప్పుడు: మొదటి విలువ తప్పు చోట ఉంటే, S(k+1) ముందే రాసేస్తే ఎట్లా పట్టుకోవాలి?

నల్లగొండ లెక్కలు

అందరికీ నమస్కారం. నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీలో ఫస్టియర్ ఎంపీసీకి లెక్కలు చెప్తాను. ఇప్పుడు ప్రీ ఫైనల్ పేపర్లు దిద్దుతున్నాను. గణితానుగమనం నుంచి ఏడు మార్కుల ప్రశ్న ఈసారి పుస్తకంలోది కాకుండా సొంతంగా ఇచ్చాను. n ≥ 5 అయిన ప్రతి పూర్ణాంకానికీ 2^n > n^2 అని నిరూపించాలి. పిల్లలకు కూడికల సూత్రాలు బాగా అలవాటు. అసమానత ఇస్తే పద్ధతి నిజంగా అర్థమైందో లేదో తెలుస్తుందని నా ఆలోచన.

జవాబులు ఎక్కువగా రెండు రకాలుగా వచ్చాయి. రెండూ చూడగానే సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తాయి. పిల్లలు రాసింది రాసినట్టే పెడుతున్నాను.

మొదటి రకం:

```
S(n): 2^n > n^2
n = 1: 2^1 = 2, 1^2 = 1, 2 > 1. S(1) సత్యం
S(k) సత్యం అనుకుందాం: 2^k > k^2
2^(k+1) = 2·2^k > 2k^2 = k^2 + k^2
        > k^2 + 2k + 1 = (k+1)^2
∴ S(k+1) సత్యం. కాబట్టి S(n) సత్యం
```

రెండో రకం:

```
n = 5: 32 > 25. S(5) సత్యం
S(k) సత్యం అనుకుందాం: 2^k > k^2
S(k+1): 2^(k+1) > (k+1)^2
(k+1)^2 > k^2 కనుక 2^(k+1) > k^2
2·2^k > 2^k > k^2 కనుక ఇది నిజమే
∴ S(k+1) సత్యం
```

నా లెక్కలో రెండోదే పెద్ద తప్పు. మా స్టాఫ్ రూంలో మాత్రం మొదటిదానికి ఎక్కువ కోయాలని ఒకరు, రెండూ సరైనవేనని ఇంకొకరు అంటున్నారు. మీరైతే ఏ లైను దగ్గర ఎర్ర పెన్ను పెడతారు? ఎందుకు?

---

పాలమూరు ట్యూషన్ సార్

సర్, మొదటిదాంట్లో నాకు పెద్ద తప్పేమీ కనబడలేదు. ప్రశ్నలో 5 నుంచి అడిగారు, పిల్లవాడు 1 నుంచి మొదలుపెట్టాడు. n = 1 దగ్గర 2 > 1 నిజమే. స్టెప్ కూడా నిజమే. 1 నుంచి నిరూపిస్తే 5 దాంట్లోకే వస్తుంది కదా. అడిగినదానికంటే ఎక్కువ చేసినవాడికి మార్కులు కోయడం న్యాయం కాదు. నేనైతే ఆరు ఇస్తాను.

రెండోది తప్పే, ఒప్పుకుంటాను. నిరూపించాల్సిందే ముందు రాసేశాడు.

---

మిర్యాలగూడ రిటైర్డ్ లెక్చరర్

ట్యూషన్ సార్ గారూ, అడిగినదానికంటే ఎక్కువ నిరూపించాడని అంటున్నారు కదా, ఆ ఎక్కువ భాగం నిజమో కాదో ఒకసారి చూడండి. n = 2 దగ్గర 4, 4 సమానం. n = 3 దగ్గర 8, 9. ఇది పూర్తిగా తిరగబడింది. n = 4 దగ్గర 16, 16 మళ్లీ సమానం. అంటే 2, 3, 4 మూడింటి దగ్గరా ప్రవచనం అసత్యం. ఈ జవాబు మాత్రం ఆ మూడింటికీ నిజమని తేల్చేసింది. అసత్యాన్ని నిరూపించిన జవాబులో ఎక్కడో ఒక లైను తప్పు ఉండి తీరాలి. ఆ లైను ఏదో చూపించకుండా మార్కు వేయకూడదు, కోయనూ కూడదు.

ఆ లైను `k^2 > 2k + 1`. పిల్లవాడు దానికి కారణం రాయలేదు. k = 1 పెడితే 1 > 3 అవుతుంది, తప్పు. k = 2 పెడితే 4 > 5, అదీ తప్పు. k = 3 దగ్గర 9 > 7, అక్కడి నుంచి ఎప్పుడూ నిజమే. అంటే స్టెప్ 3 నుంచి మాత్రమే నడుస్తుంది. సరిచూసిన విలువ 1 దగ్గర ఉంది. 1 నుంచి 2కు వెళ్లే దారే లేదు.

మా వైపు ఎడమ కాలువకు మధ్యలో గండి పడితే పైన ఎన్ని నీళ్లున్నా కింది తూములకు చుక్క రాదు. ఇక్కడ గండి 1కీ 3కీ మధ్యలో పడింది.

5 దగ్గర 32 > 25 అని ఎవరూ సరిచూడలేదు. కాబట్టి ఈ జవాబు 5 గురించి కూడా ఏమీ చెప్పలేదు. S(5) నిజమే, కానీ అది నిజమని ఈ కాగితం మీద ఎక్కడా లేదు.

---

పాలమూరు ట్యూషన్ సార్

గండి సంగతి అర్థమైంది సర్. అయినా స్టెప్ 3 నుంచి సరైనదే అని మీరే అన్నారు. ఒక్క లైను, n = 5 చెక్ చేయడం, అంతే తక్కువ. బేస్‌కు ఒక మార్కు, పోతే రెండు. మొత్తం జవాబును పనికిరాదనడం ఎక్కువ కాదా? పిల్లలకు అసలు కష్టమంతా స్టెప్‌లోనే ఉంటుంది. బేస్ అనేది ఒక ఫార్మాలిటీ లాంటిది.

---

వనపర్తి లెక్కల టీచర్

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చెప్తాను. మొదటిదానికి మరీ ఎక్కువ కోయొద్దనే నేనూ అంటాను. కానీ బేస్ ఫార్మాలిటీ అంటే మాత్రం ఒప్పుకోను సర్. నా క్లాసులో ప్రతి ఏడాదీ ఒక లెక్క బోర్డు మీద వేస్తాను. ఇక్కడా పెడుతున్నాను.

4^n + 1 అనేది 3తో నిశ్శేషంగా భాగించబడుతుందని అనుకుందాం. స్టెప్ ఇట్లా వస్తుంది:

```
S(k): 4^k + 1 = 3M అనుకుందాం
4^(k+1) + 1 = 4·4^k + 1 = 4(3M - 1) + 1
            = 12M - 3 = 3(4M - 1)
```

ఇందులో తప్పు ఎవరూ చూపించలేరు, ఎందుకంటే లేదు. S(k) నిజమైతే S(k+1) కచ్చితంగా నిజం. కానీ n = 1 దగ్గర 5 వస్తుంది, n = 2 దగ్గర 17, n = 3 దగ్గర 65. ఏదీ 3తో పోదు. 4ను 3తో భాగిస్తే శేషం 1, ఎన్నిసార్లు గుణించినా 1 గానే ఉంటుంది, దానికి ఇంకో 1 కలిపితే శేషం 2. అంటే ఏ n కూ ఇది నిజం కాదు. ఒక్కచోట కూడా నిజం కాని ప్రవచనానికి స్టెప్ అంత శుభ్రంగా వచ్చింది.

పిల్లలు దీన్ని చూశాక n = 1 దగ్గర ఎడమ వైపు ఒకసారి, కుడి వైపు ఒకసారి విడిగా లెక్కగట్టడం మొదలుపెడతారు. అంతకుముందు చాలామంది కుడి వైపు సూత్రంలో 1 పెట్టి, వచ్చిన విలువనే ఎడమ వైపుకు కూడా రాసేసేవాళ్లు. దిద్దేటప్పుడు అది కూడా చూడాలి. `1 = 1, S(1) సత్యం` అని రాసి ఉంటుంది, శ్రేణిలో మొదటి పదం మాత్రం 2 ఉంటుంది.

---

దేవరకొండ ఫస్టియర్

సర్ నమస్తే. నాకు 49^n + 16n - 1 ని 64తో భాగించబడుతుందని చూపే లెక్కలో డౌట్ ఉంది. ఎగ్జామ్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. నేను ఇట్లా చేశాను, సరైనదేనా చెప్పండి.

```
49^1 + 16 - 1 = 64. S(1) సత్యం
49^k + 16k - 1 = 64M అనుకుందాం
49^(k+1) + 16(k+1) - 1 = 64N
∴ 64తో భాగించబడుతుంది
```

---

మిర్యాలగూడ రిటైర్డ్ లెక్చరర్

తమ్ముడూ, నువ్వు వేరే లెక్క అడిగావు కానీ ఇక్కడ మాట్లాడుతున్న తప్పే నీ జవాబులో ఉంది. రెండో లైనులో M రాశావు కదా. ఆ M మళ్లీ ఎక్కడ వాడావో చూపించు. ఎక్కడా లేదు. 64N అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? అదే కదా నువ్వు నిరూపించాల్సింది. `= 64N` అని రాయడమంటే భాగించబడుతుంది అని ముందే చెప్పేయడం.

S(k) నుంచి 49^k = 64M - 16k + 1 అని తీసుకో. దాన్ని పెట్టు:

```
49^(k+1) + 16(k+1) - 1
 = 49(64M - 16k + 1) + 16k + 15
 = 64·49M - 768k + 64
 = 64(49M - 12k + 1)
```

ఇప్పుడు చివరి లైనులో M కనబడుతోంది. నీ ఊహ ఫలితంలోకి ఎట్లా వచ్చిందో కళ్లముందు ఉంది. నల్లగొండ సార్, దిద్దేటప్పుడు నేను ముందు చూసేది ఇదే. ఊహను ఒక లైనులో రాస్తారు, అది మళ్లీ ఏ లైనులో పనికొచ్చిందో అక్కడ పెన్నుతో చిన్న గీత పెడతాను. గీత పెట్టే చోటు దొరక్కపోతే మిగతా జవాబంతా అనుమానంతో చదవాలి.

---

నల్లగొండ లెక్కలు

సర్, ఈ గుర్తు బాగుంది. కానీ నా రెండో రకం జవాబులో ఊహ వాడినట్టే ఉంది. `2·2^k > 2^k > k^2` అన్న చోట చివరి అసమానత S(k) నుంచే వచ్చింది. గీత పెట్టడానికి చోటు ఉంది. అందుకే స్టాఫ్ రూంలో అది సరైనదే అన్న సార్ ఒప్పుకోవడం లేదు. ఊహ రాశాడు, వాడాడు, నిజమైన వాక్యం దగ్గరికి వచ్చాడు, ఇంకేం కావాలి అంటున్నారు.

---

మిర్యాలగూడ రిటైర్డ్ లెక్చరర్

ఆ సార్‌కు ఈ జవాబు చూపించండి. పిల్లవాడి జవాబులోని ప్రతి లైనూ అదే వరసలో ఉంచాను, ప్రవచనం మాత్రం మార్చాను. ఇప్పుడు ప్రవచనం 2n > n^2.

```
n = 1: 2 > 1. S(1) సత్యం
S(k) సత్యం అనుకుందాం: 2k > k^2
S(k+1): 2(k+1) > (k+1)^2
(k+1)^2 > k^2 కనుక 2(k+1) > k^2
2(k+1) > 2k > k^2 కనుక ఇది నిజమే
∴ S(k+1) సత్యం
```

బేస్ ఉంది, ఊహ ఉంది, ఊహను వాడాడు, చివరికి నిజమైన వాక్యం వచ్చింది. కానీ n = 3 పెడితే 6 > 9. పిల్లవాడి జవాబు సరైనదైతే ఇదీ సరైనదే కావాలి.

తప్పు మూడో లైనులోనే మొదలైంది. S(k+1) అని రాసి, అది నిజమైనట్టుగా దాని నుంచి కిందికి దిగాడు. దిగి దిగి ఒక బలహీనమైన వాక్యం దగ్గరికి చేరాడు. 2^(k+1) > k^2 అనేది నిజమే, కానీ మనకు కావలసింది 2^(k+1) > (k+1)^2. k^2 కంటే పెద్దదైనంత మాత్రాన (k+1)^2 కంటే పెద్దది కాదు. k = 5 అనుకోండి, 25కూ 36కూ మధ్య ఎన్నో సంఖ్యలు ఉన్నాయి. కావలసిన వాక్యం నుంచి నిజం రావడం కాదు, నిజం నుంచి కావలసిన వాక్యం రావాలి.

దీనికి సరైన దారి మొదటి రకం జవాబులోనే ఉంది. ఎడమ వైపుతో మొదలుపెట్టి, 2·2^k దగ్గర ఊహ వాడి, 2k^2 కు వచ్చి, అక్కడి నుంచి (k+1)^2 కు దిగాలి. తేడా తీస్తే 2k^2 - (k+1)^2 = (k-1)^2 - 2. k కనీసం 5 కనుక ఇది కనీసం 14. మొదటివాడు ఈ ఒక్క కారణం, n = 5 చెక్ రాసి ఉంటే ఏడుకు ఏడు. రెండోవాడి దగ్గర బేస్ సరైనదే, స్టెప్ అసలు లేదు.

---

వనపర్తి లెక్కల టీచర్

ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది సర్, జవాబును అట్లాగే ఉంచి ప్రవచనం మార్చడం. పిల్లవాడికి తప్పని చెప్పడం కంటే ఇది చూపిస్తే వెంటనే ఒప్పుకుంటాడు.

కానీ ఒక ఇబ్బంది ఉంది. S(k+1) ముందు రాసిన ప్రతి జవాబూ తప్పేనా? నా దగ్గర వర్గాల మొత్తం లెక్కలో ఇట్లాంటివి చాలా వస్తాయి:

```
S(k+1): 1^2 + ... + k^2 + (k+1)^2 = (k+1)(k+2)(2k+3)/6
ఇరువైపులా (k+1)^2 తీసేస్తే
1^2 + ... + k^2 = (k+1)(k+2)(2k+3)/6 - (k+1)^2
               = (k+1)(2k^2 + k)/6
               = k(k+1)(2k+1)/6
ఇది S(k), సత్యం. ∴ S(k+1) సత్యం
```

ఇదీ కిందికి దిగడమే. కానీ దీన్ని సున్నా చేయడానికి నాకు మనసొప్పదు.

---

పాలమూరు ట్యూషన్ సార్

దీనికి పూర్తి మార్కులు వేయాల్సిందే మేడం. తీసేసినదాన్ని మళ్లీ కలిపితే పైకి వస్తుంది. సమీకరణం అయినప్పుడు పై నుంచి కిందికి అయినా, కింది నుంచి పైకి అయినా ఒకటే. నేను నా ట్యూషన్‌లో కొంతమందికి ఈ పద్ధతే చెప్తాను, వాళ్లకు విస్తరించడం సులువు.

---

మిర్యాలగూడ రిటైర్డ్ లెక్చరర్

మీరు చెప్పింది ఈ జవాబుకు నిజం. సమీకరణాలన్నింటికీ నిజం కాదు. 3 = -3 అని రాసి ఇరువైపులా వర్గం చేస్తే 9 = 9 వస్తుంది. సున్నాతో గుణిస్తే ఏ రెండైనా సమానమే. అక్కడ వెనక్కి రాలేం. కూడిక, తీసివేత, సున్నా కాని సంఖ్యతో గుణకారం ఉన్నంతవరకు వెనక్కి రావచ్చు. వనపర్తి మేడం పెట్టిన జవాబులో ఉన్నది తీసివేత, కారణాంకాలు, అంతే. కాబట్టి గణితం పోలేదు, రాసిన వరస పోయింది. ఉన్నదున్నట్టు చదివితే ఇది S(k+1) నుంచి S(k) వస్తుందని చెప్తుంది, మనం అడిగింది దానికి ఎదురు.

దిద్దేటప్పుడు నేను అడిగే ప్రశ్న, కింది లైను నుంచి పై లైనుకు ఎక్కగలమా అని. మేడం జవాబులో ప్రతి లైనుకూ ఎక్కవచ్చు. నల్లగొండ సార్ రెండో రకంలో 2^(k+1) > k^2 నుంచి 2^(k+1) > (k+1)^2 కు ఎక్కలేం. రెండూ ఒకే తప్పులా కనబడినా ఒకటి కాదు. ప్రతి లైనుకూ ఎక్కవచ్చని పిల్లవాడే ఒక ముక్క రాస్తే నేను పూర్తిగా ఇస్తాను. రాయకపోతే ఒకటో రెండో కోస్తాను.

---

వనపర్తి లెక్కల టీచర్

రెండు ఎక్కువ అనిపిస్తుంది సర్. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక్కో పేపరుకు ఉండే టైమ్‌లో ఎక్కగలమా లేదా అని ప్రతి లైనూ చూడటం కష్టం. అక్కడ స్కీమ్‌లో ఉన్న మెట్లకు మార్కులు వేసుకుంటూ పోవాల్సిందే. చీఫ్ ఎగ్జామినర్ ఏం చెప్తే అది. కాలేజీ పరీక్షల్లో మాత్రం మనం కోసి చెప్పాలి, ఎందుకంటే పేపరు పిల్లవాడి చేతికి తిరిగి వెళ్లేది ఇక్కడే.

---

పాలమూరు ట్యూషన్ సార్

నేను పూర్తి మార్కుల మీదే ఉంటాను. వెనక్కి ఎక్కవచ్చని దిద్దేవాళ్లకు తెలుసు కదా. పిల్లవాడు రాయలేదని కోస్తే అది గణితానికి కాదు, రాతకు కోసినట్టు.

---

గద్వాల బీటెక్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి సార్లూ. మాది గద్వాల. గేట్ ప్రిపేర్ అవుతున్నాను, డిస్క్రీట్ మ్యాథ్స్‌లో నాకు ఇదే సమస్య వచ్చింది. 3 రూపాయల స్టాంపులు, 5 రూపాయల స్టాంపులు ఎన్నైనా ఉన్నాయి. 8 నుంచి పై ఏ మొత్తాన్నైనా అతికించవచ్చని చూపాలి. నేను n = 8 కు 3 + 5 అని చూపించి, తర్వాత 8 నుంచి k వరకు అన్నీ సత్యం అనుకున్నాను. k + 1 కావాలంటే k - 2 తీసుకుని దానికి ఒక 3 స్టాంపు కలిపితే చాలు అని రాశాను. అన్నీ కరెక్టే అనుకున్నా, కీలో మాత్రం 8, 9, 10 మూడూ చెక్ చేయాలని ఉంది. ఒక్క బేస్ చాలదా? స్టెప్ ప్రతి k కూ పనిచేస్తుంది కదా?

---

మిర్యాలగూడ రిటైర్డ్ లెక్చరర్

స్టెప్ ప్రతి k కూ పనిచేయదు, తమ్ముడూ. k = 8 పెట్టు. 9 కావాలంటే k - 2, అంటే 6 దగ్గరికి వెళ్లాలి. 6 నీ ఊహలో లేదు, నీ ఊహ 8 నుంచే మొదలవుతుంది. 10 కావాలంటే 7 దగ్గరికి వెళ్లాలి, అదీ లేదు. 11 నుంచి మాత్రమే నీ స్టెప్ ఊహ లోపల ఉంటుంది. అందుకే 8, 9, 10 మూడూ విడిగా చూడాలి. 9 అంటే మూడు 3లు, 10 అంటే రెండు 5లు. అవి నిజమే కాబట్టి ఫలితం నిజమే.

నిజంగానే దెబ్బ తగలాలంటే 8 బదులు 5 నుంచి అని ఇస్తే చూడు. 5 ఉంది, 6 అంటే రెండు 3లు ఉంది. రెండు బేస్‌లు చూశాం కదా చాలనుకుని నీ స్టెప్ రాస్తే 7 కూడా వస్తుందని తేలుతుంది. 7ను 3, 5లతో ఎవరూ చేయలేరు. 7కు స్టెప్ 4 దగ్గరికి వెళ్లింది, 4 మన మొదలుకంటే ముందు ఉంది.

స్టెప్ ఎంత వెనక్కి వెళ్తుందో చూసి అన్ని మొదటి విలువలు సరిచూడాలి. నీ స్టెప్ మూడు వెనక్కి వెళ్తుంది, మూడు బేస్‌లు.

---

నల్లగొండ లెక్కలు

గద్వాల తమ్ముడు ఒక మాట అన్నాడు, 8 నుంచి k వరకు అన్నీ సత్యం అనుకున్నాను అని. నా పేపర్లలో కొంతమంది `k యొక్క అన్ని విలువలకూ S(k) సత్యం అనుకుందాం` అని రాశారు. ఈ రెండూ ఒకటేనా? ఒకరికి నేను అక్కడే ఎర్ర గీత పెట్టాను, తర్వాత స్టెప్ చూస్తే చక్కగా ఉంది. గీత ఉంచాలా, తీయాలా తెలియడం లేదు.

---

వనపర్తి లెక్కల టీచర్

ఒకటి కాదు సర్. మొదలు నుంచి k వరకు అనుకుంటే k + 1 ఇంకా బయటే ఉంది, దాన్ని నిరూపించాలి. అన్ని విలువలకూ అనుకుంటే k + 1 కూడా లోపలికి వచ్చేసింది, ఇక నిరూపించడానికి ఏం మిగలలేదు. పేపరు మీద ఒక మాటే తేడా, అర్థంలో మొత్తం తేడా.

అయినా మీ పిల్లవాడు స్టెప్‌లో S(k) ఒక్కటే వాడి ఉంటే, ఆ అదనపు మాట ఎక్కడా పని చేయలేదు. దాన్ని తీసేసినా జవాబు నిలబడుతుంది. నేనైతే గీత ఉంచి, పక్కన రాసి, మార్కు కోయను. పిల్లవాడు S(k+1)ను కూడా ఆ ఊహ పేరు మీద వాడితే మాత్రం వదలను.

---

మిర్యాలగూడ రిటైర్డ్ లెక్చరర్

మేడంతో నేను ఇక్కడ కొంచెం విభేదిస్తాను. ఆ మాటకు ఒక మార్కు కోస్తాను. స్టెప్ సరిగ్గా ఉన్నా, ఆ పిల్లవాడు రాసింది ఫలితాన్నే. రేపు ఇంకో లెక్కలో ఆ వాక్యాన్ని నిజంగానే వాడతాడు. కానీ ఇది నా అలవాటు, మేడం పద్ధతి తప్పని చెప్పను.

---

నల్లగొండ లెక్కలు

సరే, నా పేపర్లకు ఇట్లా వేస్తున్నాను. మొదటి రకానికి ఏడుకు నాలుగు. స్టెప్‌లో పని ఉంది, కానీ మొదలు తప్పు చోట ఉంది, k^2 > 2k + 1 కు కారణం లేదు. పేపరు మీద `k = 1 పెట్టి చూడు` అని రాస్తున్నాను. రెండో రకానికి రెండు, బేస్‌కూ, ఊహ రాసినందుకూ. వాళ్లకు మిర్యాలగూడ సార్ 2n > n^2 జవాబు కాపీ పేపరుకు పిన్ చేసి ఇస్తాను. వర్గాల లెక్క రకానికి ఒక మార్కు కోత. స్టాఫ్ రూంలో సార్‌కు 6 > 9 చూపించాను. మళ్లీ చూసి చెప్తానన్నారు, ఇంకా చెప్పలేదు.

---

పాలమూరు ట్యూషన్ సార్

మొదటిదానికి నాలుగు తక్కువే అనిపిస్తుంది. ఐదు ఇవ్వాల్సింది. రెండోదానికి రెండు సరే.

---

దేవరకొండ ఫస్టియర్

సర్, 49^n లెక్క మళ్లీ చేశాను, M వచ్చింది. 2^n లెక్క కూడా చేశాను. n = 5 చెక్ చేసి, (k-1)^2 - 2 తేడా కూడా రాశాను. ఒక్క డౌట్. ఆ తేడా k = 3 దగ్గర కూడా 2 వస్తోంది, అంటే స్టెప్ 3 నుంచే పనిచేస్తుంది కదా. అయితే 3 నుంచి మొదలుపెట్టి నిరూపించవచ్చా?

---

మిర్యాలగూడ రిటైర్డ్ లెక్చరర్

మంచి ప్రశ్న అడిగావు. స్టెప్ 3 నుంచి నడుస్తుంది, కానీ 3 దగ్గర 8 > 9 కాదు, 4 దగ్గర 16 > 16 కాదు. స్టెప్ నడిచే చోటా, ప్రవచనం నిజమయ్యే చోటా రెండూ కలిసే మొదటి సంఖ్య 5. అక్కడి నుంచే మొదలు.

ఇప్పుడు గుర్తును > బదులు ≥ చేసి చూడు. 4 దగ్గర 16 ≥ 16 నిజం. ఊహ 2^k ≥ k^2 అయితే 2^(k+1) ≥ 2k^2, అది (k+1)^2 కంటే పెద్దది, k = 4 దగ్గర 32, 25. అప్పుడు 4 నుంచి మొదలుపెట్టవచ్చు. 3 నుంచి మాత్రం అప్పుడూ కుదరదు.